రవ్వ రాలేదని ఎవరికి, ఎప్పుడు తెలిసింది?

చార్టు చూడ్డానికి చాలా అందంగా ఉంది. రెండు డ్రాయింగ్ షీట్లు పక్కపక్కన అంటించి, పైన ఆరు గళ్లు గీసి, ఒక్కో గడిలో ఒక్కో రంగు కాగితం అతికించారు. యాప్ గురించి తెలుసుకోవడం, సరుకులు వెతకడం, కార్టులో వేయడం, డబ్బు కట్టడం, డెలివరీ, చివర రేటింగ్. వాటి కింద ఒక వంకర గీత ఎత్తుపల్లాలుగా సాగింది. గీత పైకి లేచిన చోట నవ్వు మొహం, కిందికి దిగిన చోట ఏడుపు మొహం. ఎంబీఏ చదివే నలుగురు పిల్లలు దాన్ని గోడకి ఆనించి పక్కన నిలబడ్డారు.

"డెలివరీ దగ్గర ఏడుపు మొహం ఎందుకు పెట్టారు?" అని అడిగాను.

"లేటవుతుంది కదా మేడమ్."

"ఎవరికి లేటయింది?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాసేపాగి ఒకబ్బాయి నిజం చెప్పేశాడు. "ఎవరికీ కాదు మేడమ్. మామూలుగా అవుతుంది కదా అని పెట్టాం."

మా కాలేజీలో నేను మార్కెటింగ్ చెప్తాను. ఏటా ఇచ్చే పనుల్లో ఇదొకటి: ఆన్‌లైన్‌లో కిరాణా సరుకులు అమ్మే సేవ ఏదైనా తీసుకుని దానికి కస్టమర్ జర్నీ మ్యాప్ గీయాలి, టచ్‌పాయింట్లు గుర్తించాలి, పెయిన్ పాయింట్లు ఎక్కడున్నాయో చెప్పాలి. పేర్లు బరువుగా ఉన్నా సంగతి తేలికే. ఇంట్లో ఫలానాది కావాలనిపించిన క్షణం నుంచి అది వంటింట్లో డబ్బాలోకి చేరేదాకా మనిషి నడిచిన దారిని కాగితం మీద పెడితే అది జర్నీ మ్యాప్. ఆ దారిలో సేవ మనకు తగిలే ప్రతి చోటూ టచ్‌పాయింట్. ఫోన్ తెర, మెసేజ్, తలుపు దగ్గర మోగిన గంట, చేతికొచ్చిన సంచి, అన్నీ అవే. మనిషి ఆగిపోయిన చోటు, టైమో డబ్బో నమ్మకమో పోగొట్టుకున్న చోటు పెయిన్ పాయింట్.

ఆ చార్టులోని ఆరు గళ్లనీ అలాగే ఉంచి పైన పేరు మారిస్తే, సినిమా టికెట్ల యాప్‌కీ సరిపోతుంది, చెప్పులమ్మే వెబ్‌సైటుకీ సరిపోతుంది. ఎందుకంటే అవి కొనేవాళ్లు నడిచిన దారి కాదు, అమ్మేవాళ్ల ఆఫీసులోని గదులు. ప్రచారం చేసేవాళ్లది ఒక గది, డబ్బు వసూలు చేసేవాళ్లది ఒకటి, డెలివరీ వాళ్లది ఇంకొకటి. కిరాణా కొనే మనిషి ప్రయాణం యాప్ తెరవడంతో మొదలవదు. కందిపప్పు డబ్బాలో గరిట అడుగుకి తగిలి చప్పుడైనప్పుడు మొదలవుతుంది.

అందుకని వాళ్లను వెనక్కి పంపాను. షరతులు మూడు పెట్టాను. ఒకే మనిషిని పట్టుకోవాలి. ఆ మనిషి చివరిసారి చేసిన ఒకే ఒక్క ఆర్డర్ గురించి అడగాలి. అడిగేటప్పుడు ఆ మనిషి ఫోన్ చేతిలో ఉండాలి. "మీరు సాధారణంగా ఎలా కొంటారు?" అని అడిగారా, పని చెడిపోయినట్టే. సాధారణంగా అనగానే జనం తాము ఎలా కొనాలనుకుంటారో అది చెప్తారు. "మొన్న కొన్నారే, అది చెప్పండి" అంటే జరిగింది చెప్తారు.

ఫోన్ చేతిలో ఉండాలనడానికి వేరే కారణం ఉంది. మన జ్ఞాపకం గడియారం చూసుకుంటూ నడవదు. 1993లో డేనియల్ కానెమన్, ఆయన తోటివారు ఒక ప్రయోగం చేశారు. మనుషుల చేత 14 డిగ్రీల చల్లటి నీళ్లలో 60 సెకన్లు చెయ్యి పెట్టించారు. ఇంకోసారి అదే 60 సెకన్ల తర్వాత మరో 30 సెకన్లు చెయ్యి తీయనివ్వకుండా, ఆ చివరి భాగంలో మాత్రం నీళ్లను మెల్లగా 15 డిగ్రీలకు తెచ్చారు. మళ్లీ చేయాల్సి వస్తే ఏది చేస్తారని అడిగితే ఎక్కువమంది పొడుగుదాన్నే ఎంచుకున్నారు. మొత్తం మీద బాధ ఎక్కువే పడ్డా, ముగింపు కాస్త నయంగా ఉందిగా! కష్టం ఎంతసేపు సాగిందన్నది మనసు పెద్దగా లెక్కపెట్టదు, బాగా నొప్పేసిన క్షణాన్నీ చివరి క్షణాన్నీ గుర్తుపెట్టుకుంటుంది. వారం తర్వాత మనిషిని అడిగి గీసిన భావాల గీత అందుకే సగం కల్పన అవుతుంది. కాల్ లిస్టు, నోటిఫికేషన్లు, ఆర్డర్ వివరాల పేజీ మాత్రం నిమిషాలతో సహా అలాగే ఉంటాయి.

వారం తర్వాత ఆ నలుగురూ ఒక ఆర్డర్ పట్టుకొచ్చారు. వాళ్లలో ఒకమ్మాయి పక్కింటి ఆంటీది. కార్తీక మాసంలో ఒక శనివారం ఆవిడ ఇంట్లో సత్యనారాయణ వ్రతం. పంతులుగారు పదింటికి వస్తానన్నారు. ఆవిడ ఉండేది విజయవాడలో, సరుకులు ఆర్డర్ పెట్టింది హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కూతురు.

పిల్లలు మొదట దీన్ని పట్టించుకోలేదు. "కస్టమర్: మహిళ, 58 ఏళ్లు" అని రాసుకున్నారు. అయితే యాప్ ఎవరి ఫోన్‌లో ఉంది? కూతురి ఫోన్‌లో. డబ్బు ఎవరి ఖాతాలోంచి పోయింది? కూతురి ఖాతాలోంచి. సంచి ఎవరు అందుకున్నారు? తల్లి. వండింది ఎవరు? తల్లే. మరి కస్టమర్ ఎవరు? మన ఇళ్లలో ఇది చాలా మామూలు. కొడుకు బెంగళూరులో, కూతురు డాలస్‌లో, నాన్నకి మందులు అక్కడి నుంచే, అమ్మకి బియ్యం బస్తా అక్కడి నుంచే. యాప్ లెక్కలో మాత్రం ఒక ఫోన్ నంబరుకి ఒకే మనిషి. ఇద్దరు మనుషులున్న చోట దారి ఒకటే గీస్తే నొప్పి తగిలిన చోటు ఆ గీత మీద ఎక్కడా పడదు. అందుకని పిల్లల చేత రెండు దారులు గీయించాను, పైన కూతురిది, కింద తల్లిది. మధ్యలో గడియారం.

శుక్రవారం రాత్రి 9:40. తల్లి పాత క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్న చీటీ ఫోన్‌లో చదువుతోంది, కూతురు ఒక్కొక్కటీ కార్టులో వేస్తోంది. 22 సరుకులు. ప్రసాదానికి సవాకేజీ గోధుమ రవ్వ కావాలి. యాప్‌లో అరకేజీ ప్యాకెట్లే ఉన్నాయి, మూడు వేసింది. "మిగిలితే ఉప్మా చేసుకుంటాంలే" అంది తల్లి. 10:25కి డబ్బు కట్టడం అయిపోయింది. పొద్దున 7 నుంచి 9 మధ్య డెలివరీ అని చూపించింది.

శనివారం పొద్దున 6:35. కూతురి ఫోన్‌కి నోటిఫికేషన్ వచ్చింది: ఆర్డర్‌లో ఒక వస్తువు అందుబాటులో లేదు, ఆ మేరకు డబ్బు వెనక్కి ఇస్తాం. శనివారం కదా, ఆ అమ్మాయి నిద్రలో ఉంది. 7:50కి డెలివరీ అబ్బాయి ఫోన్. "మేడమ్, గుడి సందులో ఉన్నా, ఇల్లు ఎటు?" హైదరాబాద్‌లో మంచం మీద నుంచే ఆ అమ్మాయి విజయవాడ సందులు వర్ణించింది, తర్వాత తల్లికి ఫోన్ చేసి గేటు దగ్గరకు వెళ్లమంది. పైన నోటిఫికేషన్ ఉన్నా చూడలేదు, ఫోన్ పక్కన పడేసి పడుకుంది. 8:05కి సంచులు ఇంట్లోకి చేరాయి. తల్లి పీటలు కడిగి ముగ్గు పెడుతోంది, సంచులు ఒక మూల పెట్టించింది. 8:40కి విప్పింది. అరటిపళ్లు ఉన్నాయి, బెల్లం ఉంది, నెయ్యి ఉంది. రవ్వ లేదు.

8:42కి కూతురికి ఫోన్. "రవ్వ రాలేదే!"

"వేశానమ్మా, మూడు ప్యాకెట్లు. సరిగ్గా చూడు."

రెండోసారి రెండు సంచులూ కిందికి పైకి తిరగేశారు. 8:50కి గానీ ఆ అమ్మాయి యాప్ తెరిచి చూడలేదు. నాన్నగారు స్కూటర్ తీసుకుని వెళ్లి, రెండు కొట్లు తిరిగి 9:20కి రవ్వ తెచ్చారు. వ్రతం జరిగింది, ప్రసాదం బాగానే కుదిరింది. ఆవిడ మాత్రం పిల్లలతో అన్న మాట ఒక్కటే: "లేదని ముందు చెప్తే ఆరున్నరకే పాలవాడితో పాటు కొట్టు తెరుస్తాడు, ఎవరినో ఒకరిని పంపేదాన్ని కదమ్మా."

పిల్లలు దీన్ని మ్యాప్‌లో ఎక్కడ పెట్టారో చూడండి. 8:40 దగ్గర, "సంచి విప్పడం" అనే టచ్‌పాయింట్ కింద, ఎర్ర చుక్క. పక్కన "సరుకు రాలేదు" అని రాశారు. నొప్పి కనిపించిన చోటు అదే, సందేహం లేదు. కానీ పుట్టిన చోటు అది కాదు. రవ్వ లేదన్న సంగతి కంపెనీకి ఆలస్యమైతే 6:35కి తెలుసు, ఎందుకంటే ఆ నిమిషానికే నోటిఫికేషన్ పంపింది. వండాల్సిన మనిషికి తెలిసింది 8:40కి. మధ్యలో రెండు గంటల ఐదు నిమిషాలు. ఆ రెండు గంటలే పెయిన్ పాయింట్. అదేమో టచ్‌పాయింట్ కాదు, ఏ గడిలోనూ లేదు, రెండు టచ్‌పాయింట్ల మధ్య ఖాళీలో ఉంది.

ఈ లెక్కని మా వీధి శెట్టిగారి కొట్టుతో పోల్చి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. ఆయన దగ్గరా రవ్వ అయిపోతుంది, బహుశా యాప్ దగ్గర కంటే ఎక్కువసార్లే అయిపోతుంది. చీటీ ఇస్తే చూస్తూనే "రవ్వ లేదమ్మా, సాయంత్రానికి వస్తుంది. తొందరైతే పక్క వీధిలో చూడండి" అంటాడు. సరుకు లేదని ఆయనకి తెలిసిన క్షణానికీ మనకి తెలిసిన క్షణానికీ తేడా సున్నా. అక్కడ రవ్వ దొరకలేదని ఎవరికీ కోపం రాదు. యాప్ అమ్మినది సరుకుతో పాటు ఒక మాట కూడా, పొద్దున తొమ్మిదికల్లా ఇంట్లో ఉంటుందని. ఆ మాట నమ్మి ఆవిడ వేరే ఏర్పాటు చేసుకోలేదు.

సరే, నోటిఫికేషన్ పంపారు కదా, ఇంకేం కావాలంటారా? 2016లో క్యాథరిన్ లెమన్, పీటర్ వెర్‌హూఫ్ రాసిన ఒక వ్యాసం ఈ రంగంలో అందరూ చదివేది. టచ్‌పాయింట్లు ఎవరి చేతిలో ఉన్నాయన్నదాన్ని బట్టి వాళ్లు నాలుగు రకాలుగా విడదీశారు. కొన్ని కంపెనీ చేతిలోనివి, యాప్ తెరలాగా. కొన్ని భాగస్వాముల చేతిలోనివి, డబ్బు కట్టే యూపీఐ లాగా. కొన్ని పూర్తిగా కస్టమర్ చేతిలోనివి. ఇంకొన్ని చుట్టుపక్కల జనం చేతిలోనివి, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన మాటలాగా. మా పిల్లల మొదటి చార్టులో ఉన్నవన్నీ దాదాపు మొదటి రకమే. ఈ ఆర్డర్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన టచ్‌పాయింట్ మాత్రం మూడో రకం, శుక్రవారం రాత్రి తల్లీకూతుళ్ల ఫోన్ కాల్. రవ్వ ప్రసాదానికని, పంతులుగారు పదింటికి వస్తారని అన్నీ ఆ కాల్‌లోనే ఉన్నాయి. కంపెనీకి అందులో ఒక్క ముక్కా చేరలేదు. దానికి కనబడింది 22 గీతల జాబితా. అందులో రవ్వా ఒక గీతే, అగ్గిపెట్టెలూ ఒక గీతే. నోటిఫికేషన్ కూడా రెండిటికీ ఒకలాగే పంపుతుంది, అదీ నిద్రపోతున్న మనిషికి.

ఇక రవ్వ ఎందుకు లేకుండా పోయింది? రాత్రి 10:25కి ఉన్నది పొద్దున 6:35కి ఏమైంది? ఇది చెప్పాలంటే కస్టమర్ కంటికి కనిపించని వైపు కూడా గీయాలి. దాన్ని సర్వీస్ బ్లూప్రింట్ అంటారు. లిన్ షోస్టాక్ అనే బ్యాంకు అధికారి 1984లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో దీన్ని వివరించారు. ఆవిడ తీసుకున్న ఉదాహరణ వీధి మూల బూట్ పాలిష్. పైన కస్టమర్ చూసే పనులు, మధ్యలో ఒక అడ్డగీత, గీత కింద కస్టమర్ చూడని పనులు. ఏ పని దగ్గర తప్పు జరగడానికి అవకాశముందో అక్కడ గుర్తు. బూట్ పాలిష్‌లో ఆవిడ గుర్తు పెట్టినది వేరే రంగు పాలిష్ పూసేయడం దగ్గర.

మన కథలో ఆ గీత కింద ఉన్నది గోడౌను. ఇప్పుడు వాటిని డార్క్ స్టోర్ అంటున్నారు, కస్టమర్లు లోపలికి రాని కొట్టు. అక్కడ పికర్ చేతిలో ఒక స్కానర్, ఎదురుగా ర్యాకులు. కంప్యూటర్ లెక్కలో రవ్వ ప్యాకెట్లు ఇన్ని అని ఉంటుంది. ర్యాకులో ఉన్నవి వేరు. ఒక ప్యాకెట్ చిరిగి పక్కన పెట్టి ఉండొచ్చు, ఒకటి మైదా ర్యాకులో దూరి ఉండొచ్చు, వచ్చిన సరుకు ఎక్కించేటప్పుడు లెక్క తప్పి ఉండొచ్చు. కంప్యూటర్ అమ్మేది తన లెక్కలోని ప్యాకెట్లను, పికర్ తీయగలిగేది ర్యాకులోని ప్యాకెట్లను. ఈ రెండూ ఒకటి కాదని బయటపడేది పికర్ చెయ్యి ఖాళీ ర్యాకుకి తగిలినప్పుడే.

బయటి విద్యార్థులు ఇవన్నీ చూడలేరు. అందుకని గీత కింద రాసే ప్రతిదాన్నీ చుక్కల గీతతో చుట్టమని చెప్తాను, అంటే ఇది మా ఊహ అని. ఊహలు రాయడం తప్పు కాదు, వాటిని చూసిన వాటితో కలిపేయడమే తప్పు.

ఇక్కడ ఒక చిన్న గుణకారం చేయించాను. పిల్లలు బిత్తరపోయారు. ఏ సరుకైనా ర్యాకులో దొరికే అవకాశం నూటికి 98 అనుకుందాం. వినడానికి చాలా బాగుంది కదా. 22 సరుకులున్న ఆర్డర్ ఒక్కటీ తగ్గకుండా రావాలంటే ఆ 98 శాతాన్ని 22 సార్లు గుణించాలి. వచ్చేది 64 శాతం. అంటే నూరు సంచుల్లో 36 సంచుల్లో ఏదో ఒకటి తక్కువ. 98ని 99కి పెంచితే, అంటే గోడౌన్‌లో పొరపాట్లు సగానికి తగ్గిస్తే, అప్పటికీ నూటికి 20 సంచులు వెలితిగానే వస్తాయి. అదే రెండే సరుకులు తెప్పించుకుంటే, 98 శాతం లెక్కలోనే నూటికి 96 సంచులు నిండుగా వస్తాయి. ఫోను కొనేవాడికీ నెల సరుకులు కొనేవాడికీ ఉన్న తేడా ఇదే. పది నిమిషాల్లో పాలూ బ్రెడ్డూ తెచ్చే యాప్ నమ్మకంగా అనిపించడానికి దాని వేగంతో పాటు సంచి చిన్నది కావడం కూడా కారణం కావచ్చు.

ఈ గుణకారానికి ఒక పరిమితి ఉంది. ఒక సరుకు అయిపోవడానికీ ఇంకొకటి అయిపోవడానికీ సంబంధం లేదనుకుని చేసిన లెక్క ఇది. కార్తీక మాసంలో ఆ అనుకోలు నిలవదు. ఊళ్లో సగం మందికి అదే శనివారం వ్రతం, అందరి చీటీల్లో గోధుమ రవ్వ, తమలపాకులు, కొబ్బరికాయలు. అయిపోతే అన్నీ ఒకేసారి అయిపోతాయి. మామూలు రోజుల సగటు చూసుకుని సంతోషపడే కంపెనీకి, సరిగ్గా జనానికి అవసరమైన రోజున ఏమవుతుందో ఆ సగటులో కనిపించదు.

మధ్యలో ఒక చిన్న గొడవ. పిల్లలు మ్యాప్‌లో ఇంకో ఎర్ర చుక్క పెట్టారు, డబ్బు కట్టే తెర దగ్గర. అప్పటిదాకా కనిపించని హ్యాండ్లింగ్ చార్జీ అక్కడ బిల్లులో ప్రత్యక్షమైందట. పిల్లలకి మహా కోపం. "కూతురు ఏమంది?" అని అడిగాను. "చూశాను, కట్టేశాను అన్నారు మేడమ్." అయితే అది మీ నొప్పి, ఆవిడది కాదు, చుక్క తీసేయండి అన్నాను. ఒకమ్మాయి ఒప్పుకోలేదు. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చిందనీ, ధరలో కొంత దాచి చివర్లో బయటపెట్టడం అందులో ఒకటనీ పట్టుకొచ్చింది. ఆ అమ్మాయిదీ న్యాయమే. నొప్పి లేనంత మాత్రాన తప్పు కాకుండా పోదు. చివరికి చుక్క రంగు మార్చారు. ఎరుపు కస్టమర్ చెప్పింది, నీలం మేము గమనించింది. ఆ ఒక్క నిర్ణయంతో మ్యాప్ చాలా నిజాయితీగా తయారైంది.

ఇక మందు సంగతి. మొదట రాసింది ఊహించినదే: కృత్రిమ మేధతో స్టాకును అంచనా వేయాలి. అది ఎవరైనా ఎక్కడైనా రాయగలిగే వాక్యం, పైగా గుణకారం ముందే చెప్పేసింది, 99కి చేర్చినా ఐదో వంతు సంచులు వెలితేనని. సరుకు అయిపోవడాన్ని పూర్తిగా ఆపలేం. తెలిసిన సంగతి చేరాల్సిన మనిషికి చేరడాన్ని మాత్రం త్వరగా చేయగలం.

ప్రతి లోటుకీ పికర్ ఫోన్ చేయాలని ఒకరు అన్నారు. లెక్క వేయించాను. ఒక పికర్ గంటకి పది ఆర్డర్లు తీస్తాడనుకోండి, మన లెక్క ప్రకారం వాటిలో మూడు నాలుగింటిలో ఏదో ఒకటి ఉండదు. ఒక్కో కాల్‌కి మూడు నిమిషాలు పోతే గంటలో పది నిమిషాలకు పైగా మాటలకే సరి. ఆ పది నిమిషాలు తర్వాత వచ్చే ఆర్డర్లకు ఆలస్యమవుతాయి. ఒకరి నొప్పి తీసి ఇంకొకరికి పెట్టినట్టు.

దాంతో నలుగురూ కూర్చుని ఒక తెలివైన ఉపాయం ఆలోచించారు. కార్టులో ఒక్కో సరుకు పక్కన చిన్న నక్షత్రం. "ఇది లేకపోతే కుదరదు" అని అర్థం. ఒక ఆర్డర్‌లో రెండింటికి మించి పెట్టడానికి వీల్లేదు, లేకపోతే అందరూ అన్నిటికీ పెట్టేస్తారు. నక్షత్రమున్నది అయిపోతే మాత్రమే పికర్ ఫోన్ చేస్తాడు, అదీ సంచి అందుకునే మనిషికి. నాకు బాగా నచ్చింది. 22 గీతల్లో ఏ గీత ప్రసాదమో కంపెనీకి చెప్పే దారి దొరికింది అనుకున్నాను. మార్కులు మనసులో వేసేశాను కూడా.

కాగితం మీద యాప్ తెరలా గీసి, అదే 22 సరుకుల జాబితా రాసుకుని ఆంటీ దగ్గరకు వెళ్లారు. వ్రతం ముందు రోజు రాత్రి అనుకుని, రెండు నక్షత్రాలు పెట్టమన్నారు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని జాబితా పైనుంచి కిందికి చదివింది. ఒక నక్షత్రం తమలపాకులకి పెట్టింది, రెండోది అరటిపళ్లకి.

"రవ్వకి పెట్టలేదేంటి ఆంటీ?"

"రవ్వ లేకపోవడమేమిటమ్మా, ఎక్కడైనా ఉండేదేగా! ఆకులే నమ్మలేం, వాడిపోయినవి పంపుతారు."

వాళ్లు తిరిగొచ్చి నాకు ఇది చెప్పినప్పుడు నేను నవ్వాను, వాళ్లు నవ్వలేదు. రెండు వారాల పని పోయింది మరి. కానీ ఆవిడ చెప్పింది ఎంత సూటిగా ఉందో చూడండి. మనిషి నక్షత్రం పెట్టేది తనకి అనుమానమున్న సరుకుకి. దెబ్బ కొట్టేది అనుమానమే రాని సరుకు. కస్టమర్‌ని ముందే అడిగి తెలుసుకుందామనుకునే ఏ ఉపాయమైనా ఇక్కడే బోల్తా పడుతుంది. రవ్వ రాకపోవడం ఒకసారి చవిచూసిన తర్వాత కూడా ఆవిడ లోకంలో రవ్వ ఎప్పుడూ ఉండే సరుకే.

చివరికి నక్షత్రాలు తీసేశారు. మిగిలింది చాలా చప్పటి ప్రతిపాదన: చిరునామాతో పాటు సంచి అందుకునే మనిషి నంబరు అడగాలి, ఏ సరుకు లేకపోయినా మెసేజ్ ఆ నంబరుకి కూడా వెళ్లాలి, తెలుగులో, సరుకు పేరు మొదటి మాటగా. "గోధుమ రవ్వ లేదు. మిగతా 21 సరుకులు 9 లోపు వస్తాయి." డెలివరీ అబ్బాయి ఫోన్ కూడా ఆ నంబరుకే. పికర్‌కి అదనపు పని ఏమీ లేదు, ఖాళీ ర్యాకు దగ్గర నొక్కే బటన్ అదే.

ఆవిడ ఆ మెసేజ్ చూస్తుందా అని అడిగాను. కాగితం మీద ఆ ప్రశ్నకు జవాబు లేదు. శనివారాలు పొద్దున 6:35కి ఆవిడ ఏం చేస్తుంటుందో కనుక్కుని రమ్మన్నాను. కనుక్కొచ్చారు. ఆ టైముకి ఆవిడ వాకిట్లో ఉంటుంది, ఫోన్ మంచం పక్కన చార్జింగ్‌లో ఉంటుంది, ఏడింటికి కాఫీ తాగుతూ మెసేజీలు చూస్తుంది. కాబట్టి రెండు గంటల ఐదు నిమిషాలు కాస్తా 25 నిమిషాలకు తగ్గొచ్చు. ఒక్క మనిషి అలవాటు మీద వేసిన లెక్క ఇది, దీన్ని పట్టుకుని ఊరందరికీ చెప్పలేమని వాళ్లే చార్టు కింద రాశారు. ఇంకో ఐదుగురిని అడిగి వస్తామన్నారు, అందులో ముగ్గురు తమ పిల్లలు ఆర్డర్ పెడితే సరుకులు అందుకునేవాళ్లు.

కొత్త చార్టు పాతదంత అందంగా లేదు. నవ్వు మొహాలు లేవు. రెండు గీతలు, మధ్యలో గడియారం, చుక్కల గీతల్లో గోడౌను. ఎర్ర చుక్క 8:40 దగ్గర నుంచి తీసి 6:35 దగ్గర పెట్టారు, అక్కడి నుంచి 8:40 దాకా ఒక ఎర్ర గీత లాగారు. ఆ గీత మీద ఒకబ్బాయి పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో రాశాడు: "ఇక్కడ ఏ తెరా లేదు."